కొత్త కారు మొదటి ఆయిల్ మార్పు గురించి

గ్రూపులో కొత్త కారు తీసుకున్నవాళ్లకి ఒక మాట. కొత్త ఇంజిన్ కుదురుకోవడానికంటూ అమ్మే రన్నింగ్-ఇన్ ఆయిల్ విడిగా కొని పోయొద్దు. ఇప్పటి ఇంజిన్లలో ఫ్యాక్టరీలో పోసేది చాలావరకు మాన్యువల్‌లో రాసిన గ్రేడే. 0W-20 లాంటి పలచటి గ్రేడ్ అడిగే ఇంజిన్‌లో చిక్కటి మినరల్ ఆయిల్ పోస్తే, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు పైభాగాలకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది.

వెయ్యి కిలోమీటర్లకే మార్చాలా? మాన్యువల్ అడగకపోతే అక్కర్లేదు. మొదట్లో పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు ఒరుసుకుని సన్నటి లోహపు పొడి రాలడం నిజమే, కానీ అందులో పెద్ద రేణువులను ఫిల్టర్ పట్టేస్తుంది. మనసు ఒప్పక, కాస్త ముందుగానే మార్చినా నష్టమేం లేదు, గ్రేడూ స్పెసిఫికేషనూ అవే ఉండాలి, ఫిల్టర్ కూడా మార్చాలి. ఫ్యాక్టరీ ఆయిల్‌ని తొందరపడి తీయొద్దని మాన్యువల్ చెబితే మాత్రం ఆ మాటే వినండి.

తీసిన ఆయిల్ ఎండలో సన్నగా మెరిస్తే టెన్షన్ పడకండి. వేళ్ల మధ్య రుద్దితే గరుగ్గా లోహపు ముక్కలు తగిలితేనే వర్క్‌షాప్‌లో చూపించండి.

అసలు చూడాల్సింది ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్. రింగులు కుదురుకునే దాకా కొంత ఆయిల్ కాలుతుంది. వారానికోసారి, ఇంజిన్ ఆపి కాసేపయ్యాక, సమతలంలో చూసి, కనీస గీత దగ్గరికొస్తే అదే గ్రేడ్ కొద్దిగా పోయండి. మట్టం పెరుగుతూ పెట్రోల్ వాసన వస్తుంటే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందన్నమాట; అప్పుడు ముందే మార్చడం సబబే.