ఊరు మారితే ఖాతా మూసేసుకోవాలా?

సంపాదకులకు నమస్కారం.

సుమారు పన్నెండు రోజుల కిందట మీ పత్రికలో బ్యాంకు సేవల మీద వచ్చిన వార్త చదివాను. ఊరు మారినవాళ్లు అదే ఖాతా నంబరుతో కొత్త శాఖకు మారడం ఇప్పుడు చాలా సులువని అందులో రాశారు. రాసింది తప్పని నేననను. కానీ ఆ సులువు నాకు దొరకడానికి రెండు నెలలు పట్టింది. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ, నా పని పూర్తయ్యాక రాస్తే నలుగురికీ పనికొస్తుందని ఆగాను.

నేను ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పెన్షన్ లేదు. 22 ఏళ్ల నాటి సేవింగ్స్ ఖాతా, అందులోకి ప్రతి నెలా వడ్డీ వచ్చి పడే ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇవే నా ఆధారం. మావారు పోయాక అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. ఇంటికి దగ్గర్లోనే మా బ్యాంకు శాఖ ఉందని సంతోషించి, పాస్‌బుక్కు పట్టుకుని వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన పాస్‌బుక్కు తిరగేసి, “ఆ ఖాతా అక్కడ మూసేసి రండమ్మా, ఇక్కడ కొత్తది తెరుస్తాం” అన్నాడు. మూయాలంటే రైలెక్కి ఒక రాత్రంతా ప్రయాణం చేసి పాత ఊరు వెళ్లాలి. గ్యాస్ సబ్సిడీ, బీమా ప్రీమియం, డిపాజిట్ వడ్డీ అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉన్నాయి. ఆ మాట చెప్పినా ఆయన తల ఎత్తలేదు.

నాకు కోపం తెప్పించింది ఇదే. లెడ్జర్లు ఉన్న కాలంలో ఖాతా నంబరంటే ఆ శాఖలోని పుస్తకానికీ పేజీకీ సంబంధించిన గుర్తు. శాఖ మారితే నంబరు మారక తప్పేది కాదు. ఇప్పుడు కోర్ బ్యాంకింగ్ వచ్చింది. లెక్కలన్నీ ఒకే కేంద్ర కంప్యూటర్లో ఉంటాయి. శాఖ అన్నది ఆ ఖాతా వివరాల్లో ఒక గడి మాత్రమే. ఆ గడిలో పాత శాఖ కోడ్ తీసి కొత్తది వేస్తే ఖాతా మారినట్టే. నంబరు, కస్టమర్ ఐడీ, డెబిట్ కార్డు ఏవీ మారవు. నంబరు మొదట్లో పాత శాఖ అంకెలు కనిపించినా ఫర్వాలేదు. ఈ సంగతి నాకు చెప్పింది బ్యాంకువాళ్లు కాదు, బ్యాంకులోనే పనిచేసి రిటైరైన మా పక్కింటి అన్నయ్యగారు.

రెండోసారి వెళ్తే, కేవైసీ మొత్తం మొదటినుంచీ చేయాలన్నారు. అదీ తప్పే. ఒక శాఖలో పూర్తి కేవైసీ అయి ఉండి, దాన్ని తాజా చేయాల్సిన గడువు రాకపోతే, అదే బ్యాంకులో ఏ శాఖకు మారినా అది చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2016లో ఇచ్చిన కేవైసీ ఆదేశాల్లోనే ఉంది. కొత్త చిరునామా అడగడం న్యాయమే, అది ఇచ్చాను. మిగతాదంతా మళ్లీ ఎందుకు? వయసైనవాళ్లను ఇలా తిప్పితే విసుగొచ్చి వాళ్లే కొత్త ఖాతా తెరుచుకుంటారు. కొత్త ఖాతాల లెక్క పెంచుకోవడానికే ఇలా చేస్తున్నారేమోనని నా అనుమానం.

మూడోసారి అన్నయ్యగారి సలహాతో కాగితం మీద రాసి మేనేజరుకే ఇచ్చాను. ఖాతా నంబరు, కస్టమర్ ఐడీ, పాత శాఖ పేరు, కొత్త శాఖ పేరు, కోడ్, మారే కారణం రాసి సంతకం పెట్టాను. వాడని చెక్కులు కూడా ఇచ్చేశాను. నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఈ ముద్ర మాత్రం ఎవరూ మరిచిపోవద్దు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అప్పుడు చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే. నాకు అంతదూరం రాలేదు. నాలుగు రోజుల్లో ఫోనుకు మెసేజ్ వచ్చింది.

అయితే మారింది సేవింగ్స్ ఖాతా ఒక్కటే. నా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వేరే నంబరు, దానికి వేరే శాఖ గడి ఉంటాయట. ఆ మాట ఎవరూ చెప్పలేదు. నెల తర్వాత నామినీ పేరు మార్చాలని వెళ్తే, “ఇది పాత శాఖలోనే ఉంది, రద్దు చేసి ఇక్కడ మళ్లీ వేసుకోండి” అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే గుండె ఆగినంత పనైంది. 3 లక్షలు, 7 శాతం వడ్డీకి అయిదేళ్లకు వేసిన డిపాజిట్. నెలకు సుమారు 1,740 రూపాయలు వస్తుంది. వేసి మూడేళ్లు దాటింది. మధ్యలో రద్దు చేస్తే, వేసిన రోజున మూడేళ్ల డిపాజిట్‌కు ఉన్న రేటు 6.5 శాతం లెక్కలోకి వస్తుంది, అందులోంచి జరిమానా 1 శాతం పోతుంది. మిగిలేది 5.5. అంటే 7 శాతానికి ఒకటిన్నర శాతం తక్కువ, ఏడాదికి 4,500 చొప్పున మూడేళ్లకు 13,500 రూపాయల నష్టం. 7 శాతం లెక్కన వడ్డీ నెలనెలా నేను ఇప్పటికే తీసుకుని ఖర్చు పెట్టేశాను గనుక ఆ తేడా అసలులోంచే కోసేస్తారు. ఆ కౌంటర్ మాట విని సంతకం పెట్టి ఉంటే నా గతి ఏమిటి? మళ్లీ ఇంకో కాగితం రాసిచ్చాను. రద్దు చేయకుండానే, అదే రేటుతో, అదే గడువుతో డిపాజిట్ కూడా మారింది. చేయగలిగిన పనే అయినప్పుడు ముందు రద్దు చేయమని ఎందుకన్నట్టు?

ఇంకొకటి. నంబరు మారకపోయినా ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారుతుంది. ఆ 11 అక్షరాల్లో మొదటి నాలుగు బ్యాంకువి, తర్వాత సున్నా, చివరి ఆరు శాఖవి. పాత కోడ్‌తో ఎవరైనా డబ్బు పంపినా ఎక్కువసార్లు చేరుతుంది, ఎందుకంటే బ్యాంకు జమ చేసేది ఖాతా నంబరు చూసే. అలాగని వదిలేయకూడదు. బీమావాళ్లకూ, డబ్బు పంపేవాళ్లకూ కొత్త కోడ్ ఇవ్వాలి. నా ఫోన్లో యూపీఐ పనిచేయకపోతే ఖాతాను అందులోంచి తీసేసి మళ్లీ జోడించాల్సి వచ్చింది. అది కూడా మా మనవరాలు కనిపెట్టింది. పాస్‌బుక్కు కొత్తది వేయించుకుని, మొదటి పేజీలో శాఖ పేరు, కోడ్ మారాయో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. డిపాజిట్ రసీదు మీద కూడా చూడాలి.

ఒకప్పుడు బ్యాంకులో గుమాస్తా దగ్గరికి వెళ్తే తెలియనిది అడిగి కనుక్కుని చెప్పేవాడు. ఇప్పుడు గోడ నిండా బీమా, అప్పుల పోస్టర్లే. ఖాతా మార్చుకోవడానికి ఏం కావాలో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. బదిలీల మీద ఊళ్లు తిరిగే ఉద్యోగులు, పిల్లల దగ్గరికి చేరే మాలాంటి పెద్దవాళ్లు ఎంతమంది లేరు? ఖాతా మార్పు దరఖాస్తులో “మీ పేరు మీద ఉన్న డిపాజిట్లు కూడా మార్చాలా?” అనే ఒక్క ప్రశ్న అచ్చు వేయడానికి బ్యాంకులకు ఏమంత ఖర్చవుతుంది? మీ పత్రిక ఈ ప్రశ్న వాళ్లను అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు