వీరవాసరం బస్టాపులో 40 నిమిషాలు

మేడం గారూ, మీ పేరూ మీ కన్సల్టెన్సీ పేరూ రాయొద్దన్నారు, రాయడం లేదు. మిగతాది మాత్రం రాసేస్తున్నానండి, తిడితే తిట్టండి.

చదివేవాళ్లకు ముందు సంగతి చెప్పాలి. మాది పాలకొల్లు దగ్గర పల్లె. భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో నాలుగేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. రొయ్యల చెరువుల నీళ్లు, మట్టి పరీక్ష చేసి రైతులకు రిపోర్టు ఇవ్వడం నా పని. జీతం చేరినప్పుడు ఎక్కడుందో ఇంచుమించు అక్కడే ఉంది. ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో క్వాలిటీ ఉద్యోగం పడిందని తెలిసి, కంపెనీలకు మనుషుల్ని చూసిపెట్టే ఈ మేడం ద్వారా వెళ్లాను. రెండు రౌండ్లు అయ్యాయి. ఉద్యోగం రాలేదు.

రాలేదన్న మాట చెప్పేవాళ్లే తక్కువండి. మెసేజ్ పెడితే రెండు నీలం గీతలు పడతాయి, అక్కడితో సరి. మేడం అలా కాదు, శనివారం సాయంత్రం తనే ఫోన్ చేశారు. అప్పుడు నేను ఇంటికొచ్చే బస్సులో ఉన్నాను. "రాలేదమ్మా. ఎందుకు రాలేదో ప్లాంటు వాళ్లను అడిగి తెలుసుకున్నాను. వింటావా, ఇప్పుడు కుదరదా?" అన్నారు. బస్సులో ఏమీ వినపడడం లేదని వీరవాసరంలో దిగిపోయి, బస్టాపులో కూర్చున్నాను. మొత్తం 40 నిమిషాలు మాట్లాడారు.

ఇంటర్వ్యూలో మెటల్ డిటెక్టర్ గురించి ఒక ప్రశ్న అడిగారు. ప్యాక్ చేసిన రొయ్య కార్టన్‌లోకి వెళ్లేముందు ఆ మెషిన్ గుండా పోతుంది. మెషిన్ సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి ఇనుము, ఇనుము కాని లోహం, స్టెయిన్‌లెస్ స్టీల్ అని మూడు టెస్ట్ పీసులు ఉంటాయి. వాటిని ప్యాకెట్‌తో పాటు పంపి చూసి, టైము వేసి రిజిస్టర్‌లో రాస్తారు. "పది గంటలకు చూశారు, బాగుంది. పదకొండుకు స్టీలు పీసు పెడితే మెషిన్ పట్టలేదు. ఏం చేస్తారు?" అన్నది ప్రశ్న. "మెకానిక్‌ని పిలిచి బాగుచేయించి, మళ్లీ లైను నడిపిస్తాను" అన్నాను. చాలా ధైర్యంగా కూడా చెప్పాను.

నన్ను ఆపేసింది ఆ జవాబేనట. "మెషిన్ సంగతి మెకానిక్ చూసుకుంటాడమ్మా. పదికీ పదకొండుకీ మధ్య దాని కిందనుంచి పోయిన సరుకు సంగతేంటి?" అన్నారు మేడం. మెషిన్ పదీ ఐదుకే చెడిపోయిందో, పదీ యాభైకి చెడిపోయిందో ఎవరికీ తెలియదు. అందుకని చివరిసారి బాగుందని రాసుకున్న టైము నుంచి పోయిన ప్రతి కార్టన్‌నూ పక్కన పెట్టి, హోల్డ్ అని చీటీ అంటించాలి. మెషిన్ బాగయ్యాక మూడు పీసులతోనూ చూసుకుని, ఆ సరుకు మొత్తాన్నీ మళ్లీ దాని గుండా పంపాలి. చేసిందంతా రాసి సంతకం పెట్టాలి. గంటకోసారి చూడడం దేనికంటే, తేడా వస్తే గంట సరుకే వెనక్కి తియ్యాల్సి వస్తుంది గనక. ఇదంతా మేడంకి చెప్పింది ప్లాంటు క్వాలిటీ మేనేజరేనట. మేడం తన పుస్తకంలో రాసుకుని, నాకు చదివి వినిపించారు. స్టీలే ఎందుకు తప్పించుకుంటుందో కూడా అడిగి తెలుసుకున్నారు. దానికి అయస్కాంత గుణం దాదాపు ఉండదు, కరెంటు కూడా సరిగా పారదు. అందుకే మూడింటిలో దాన్ని పట్టడమే మెషిన్‌కి కష్టం.

తర్వాత నా రెజ్యూమె తీశారు. అందులో "నీటి పరీక్షలు చేయుట" అని ఒక్క లైను ఉంది. నాలుగేళ్ల పని ఆ మూడు మాటల్లో కుక్కేశాను. "రోజుకి ఎన్ని శాంపిళ్లు? ఏమేం చూస్తావు? తేడా వస్తే ఎవరికి చెప్తావు, ఎంతసేపట్లో?" అని వరసగా అడిగి, నేను చెబుతుంటే అక్కడికక్కడే టైప్ చేశారు. చివరికి అది ఇలా తయారైంది: "రోజుకు సుమారు 35 శాంపిళ్లకు పీహెచ్, సాలినిటీ, ఆల్కలినిటీ, అమ్మోనియా, కరిగిన ఆక్సిజన్ పరీక్షలు. ఫలితం హద్దు దాటితే అదే గంటలో రైతుకు ఫోన్, రిజిస్టర్‌లో నమోదు." ఒక్క అబద్ధం లేదు, ఒక్క పెద్ద మాట లేదు. అది నా పనే అయినా, చదువుతుంటే ఎవరో మంచి టెక్నీషియన్ గురించి రాసినట్టు అనిపించింది.

ఇంకొకటి కూడా చెప్పారు. నన్ను పూర్తిగా కాదనలేదట, పక్కన పెట్టారట. ఆరు నెలలయ్యాక మళ్లీ అప్లై చెయ్యొచ్చు, అప్పుడు మెయిల్‌లో మొదటి లైనులోనే ఆ మాట రాయమన్నారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, చాలామందికి తెలియదు. ఇలాంటి కన్సల్టెన్సీకి డబ్బు ఇచ్చేది కంపెనీ, అదీ మనిషి చేరితేనే. నేను చేరలేదు కాబట్టి నా వల్ల మేడంకి రూపాయి రాలేదు. నా దగ్గర రిజిస్ట్రేషన్ అనీ ఇంకోటనీ పైసా అడగలేదు. అడిగేవాళ్లు మన దగ్గర ఉన్నారు, ఒకరికి నేనూ ఇచ్చి ఊరుకున్నాను. సరే, అది వేరే కథ.

మేడం, మీకు తెలియని సంగతి ఒకటుంది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

మా ల్యాబ్‌లో మీటరు ఉన్నా, నీళ్లలో ఆక్సిజన్‌ని టైట్రేషన్ చేసి కూడా చూస్తాం. గట్టు మీదే సీసాలో మందులు వేసి తెచ్చిన నీటిని, ల్యాబ్‌లో థయోసల్ఫేట్ ద్రావణంతో కొలుస్తాం. ఆ ద్రావణం బలం 0.025 ఉంటే, 200 మిల్లీలీటర్ల నీటికి ఎన్ని మిల్లీలీటర్లు పడితే ఆక్సిజన్ అన్ని పీపీఎం. లెక్క సులువు. కానీ ఆ ద్రావణం నిలవున్న కొద్దీ బలం తగ్గుతుంది. మీతో మాట్లాడిన తర్వాతి వారం నేను సరిచూస్తే 0.021కి దిగి ఉంది. బలం తగ్గిన ద్రావణం ఎక్కువ పడుతుంది, కాబట్టి రిపోర్టులో ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ కనపడుతుంది. మేం 4.8 అని ఇచ్చిన చెరువులో నిజంగా ఉన్నది 4 మాత్రమే. తెల్లారుజామున అది ఇంకా పడిపోతుంది. రిపోర్టు బాగుందని రైతు ఏరేటర్లు ఆపుకుని పడుకుంటే, పొద్దున్నకి రొయ్య పైకి తేలుతుంది.

ఇదివరకటి నేనైతే కొత్త ద్రావణం కలిపి పని కొనసాగించేదాన్ని. ఆ రోజు మీ మాట గుర్తొచ్చింది: మధ్యలో పోయిన సరుకు సంగతేంటి? రిజిస్టర్ వెనక్కి తిప్పాను. చివరిసారి సరిచూసింది తొమ్మిది రోజుల క్రితం. అప్పటినుంచి ఆక్సిజన్ రిపోర్టు తీసుకున్నవాళ్లు 11 మంది. అందరికీ ఫోన్ చేసి, ఇచ్చిన అంకెను నమ్మొద్దనీ రాత్రి ఏరేటర్లు ఆపొద్దనీ చెప్పి, మళ్లీ శాంపిల్ తెమ్మన్నాను. మా ఓనరు గారు ముందు మొహం మాడ్చుకున్నారు, ల్యాబ్ పేరు పోతుందని. ఆకివీడు వైపు రైతు ఒకాయన మాత్రం, "తప్పు రిపోర్టు ఇచ్చామని ల్యాబోళ్లే ఫోన్ చెయ్యడం ఇదే మొదటిసారమ్మాయ్" అని, మర్నాడు తన శాంపిళ్లతో పాటు తమ్ముడి చెరువువి కూడా తెచ్చారు.

ఇప్పుడు ప్రతి సోమవారం ద్రావణం సరిచూసి, తేదీ వేసి సంతకం పెడుతున్నాను. ఆరు నెలల గడువు సంక్రాంతి దాటాక వస్తుంది. అప్పుడు మెయిల్ పెడతాను మేడం, మొదటి లైను మీరు చెప్పినట్టే రాస్తాను. ఈలోగా పాలకొల్లు వైపు వస్తే మా ఇంటికి రండి. అమ్మ మీకోసం పూతరేకులు తెప్పిస్తానంటోంది.