నా భయం తీర్చిన మేడమ్‌కి, అత్తయ్యకి

పోయిన కార్తీకంలో అమ్మ పోయింది. సంక్రాంతి దాటాక కలలోకి రావడం మొదలైంది. ప్రతిసారీ ఒకటే కల. మా ఊరి సెంటర్లో ఎర్రబస్సు ఆగి ఉంటుంది. అమ్మ మెట్టు మీద నిలబడి చెయ్యి చాపి, "రావే, నీకు సీటు ఆపాను" అంటుంది. నేను కాలెత్తి మెట్టు మీద పెట్టబోతుంటే మెలకువ వచ్చేస్తుంది. టైము చూస్తే నాలుగు, నాలుగున్నర.

పోయినవాళ్ళు పిలిస్తే వెళ్ళకూడదని చిన్నప్పటి నుంచీ విన్నదే. పైగా తెల్లవారుజాము కల. పడుకోవాలంటేనే వణుకు పుట్టి, టీలు తాగుతూ రెండింటిదాకా కూర్చునేదాన్ని. అది చూసి మా మేనత్త పదకొండు రాత్రులు నా పక్కనే చాప వేసుకుని పడుకుంది. తర్వాత తనే నన్ను సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళింది.

మేడమ్ కల సంగతి పూర్తిగా విని, మొట్టమొదట అడిగిన మాట: "మెలకువగా ఉన్నప్పుడు కూడా మీకు అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలనిపిస్తోందా?" లేదన్నాను. అనిపిస్తే మాత్రం ఇక అది కల సంగతి కాదని, ఆ రోజే ఇంట్లో చెప్పి 14416కి, అంటే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చెయ్యాలని చెప్పారు. బీపీ మాత్రలేమైనా కొత్తగా మొదలుపెట్టారా అనీ అడిగారు. వాటిలో కొన్నిటికి పీడకలలు వస్తాయట. నాకు అదేం లేదు.

నాలుగింటికే ఎందుకన్నదీ అప్పుడే తెలిసింది. బాగా కలలొచ్చే రెమ్ నిద్ర రాత్రి మొదట్లో కాసేపే ఉండి, తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు ఉంటుందట. ఆ మధ్యలో లేస్తే కల కళ్ళకు కట్టినట్టు గుర్తుంటుంది. నేను కావాలని మేలుకోవడం వల్ల, నిద్ర పట్టాక కలలు ఇంకా గట్టిగా వస్తున్నాయన్నారు.

తర్వాత ఒక నోటుబుక్కు ఇచ్చి, కలని ఇప్పుడు జరుగుతున్నట్టే రాయమన్నారు. ముగింపు మాత్రం నాకు నచ్చినట్టు మార్చమన్నారు. అమ్మని మాయం చేసి రాశాను. రాస్తుంటేనే ఏడుపొచ్చింది. చింపేసి మళ్ళీ రాశాను. అమ్మ పిలుస్తుంది. నేను కిందే నిలబడి టిఫిన్ క్యారియర్ అందిస్తాను. "పిల్లల పరీక్షలున్నాయమ్మా, నువ్వు వెళ్ళు" అంటాను. కండక్టరు రైట్ రైట్ అంటాడు. దీన్ని రోజూ పగటిపూట పది నిమిషాలు, కళ్ళు మూసుకుని, క్యారియర్ బరువు చేతికి తెలిసేలా ఊహించుకోవాలి. పడుకునేముందు వద్దన్నారు.

మొదటి వారం ఏ మార్పూ లేదు. రెండోవారంలో ఒకసారి కల మరీ భయంగా వచ్చింది, మానేద్దామనుకున్నాను. మానొద్దని ఫోన్లో చెప్పారు. అమావాస్యకి కాకికి ముద్ద పెట్టమని అత్తయ్య అంటే, అదీ చెయ్యండి, మీ మనసుకి కావాల్సిందేగా అన్నారు. ఆ మాటకి మేడమ్‌కి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

నాలుగోవారంలో బస్సు మళ్ళీ వచ్చింది. చేతిలో క్యారియర్ లేదు గానీ నా కాళ్ళు నేల మీదే ఉన్నాయి. అమ్మ కిటికీ పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది. లేచేసరికి అత్తయ్య పక్కనే గురకపెడుతోంది. ఆవిడని లేపకుండా మళ్ళీ పడుకున్నాను.