ఎంపీసీ తీసుకుంటే బొమ్మల దారి మూసుకుపోదు

సంపాదకునికి,

మా అబ్బాయి పదో తరగతి అయ్యాక ఇంట్లో రెండు నెలలు మాటల్లేవు. వాడేమో బొమ్మలంటాడు, నేనేమో ఇంజినీరింగ్ అంటాను. మాసబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూకి వెళ్లి కనుక్కుంటే సగం గొడవ అనవసరమని తేలింది. అక్కడి నాలుగేళ్ల బొమ్మల డిగ్రీ బీఎఫ్ఏకి ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా చాలు, వాళ్ల ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంపీసీ చదివితే ఆ దారి మూసుకుపోదు. హెచ్ఈసీ తీసుకుంటే మాత్రం బీటెక్ దారి మూసుకుపోతుంది. అది చెప్పాకే వాడు ఎంపీసీకి ఒప్పుకున్నాడు.

నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. ఆ ప్రవేశ పరీక్షలో ముఖ్యంగా చూసేది చేతి పనిని. ఎదురుగా నమూనా లేకుండా, గుర్తున్న దృశ్యాన్ని గీయాలి. రోజూ గీయని చెయ్యి అక్కడ దొరికిపోతుంది. కాలేజీ హాస్టల్లో పొద్దున ఏడింటికి మొదలైతే రాత్రి దాకా స్టడీ అవర్సే. మూడు నెలల్లో వాడి స్కెచ్‌బుక్‌లో నిండినవి నాలుగు పేజీలు. అంటే ఎంపీసీ పేరుతో నేనే గెలిచేశానన్నమాట!

ఇప్పుడు హాస్టల్ మాన్పించాం. సాయంత్రం గంట వాడిదే. రెండు పరీక్షలూ రాస్తాడు. మీ విద్యా పేజీలో ఎప్‌సెట్‌తో పాటు ఈ బీఎఫ్ఏ నోటిఫికేషన్‌నూ కాస్త పెద్దగా వేయండి.

– ఒక తండ్రి, మెహిదీపట్నం, హైదరాబాద్