చిన్నీ, ఏసీ కొనేముందు ఈ లెక్క చూసుకో

చిన్నీ,

ఒకటిన్నర టన్ను ఏసీ అంటే గంటకు ఒకటిన్నర యూనిట్ కాలుతుందని, రోజుకు ఎనిమిది గంటలేస్తే నెలకు 360 యూనిట్లని నిన్న ఫోన్లో టెన్షన్ పడ్డావు. అంత కాదమ్మా. టన్ను అనేది గదిలోంచి ఎంత వేడిని లాగి బయట పడేస్తుందో చెప్పే కొలత, కరెంటు కొలత కాదు. కరెంటు సంగతి స్టార్ లేబుల్ మీద ఉంటుంది. అందులో ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఒక అంకె వేస్తారు, అది ఏడాదికి 1600 గంటలు నడుస్తుందనుకుని కట్టిన లెక్క. కాబట్టి ఆ అంకెను 1600తో భాగిస్తే గంటకు ఎంతో వచ్చేస్తుంది.

నువ్వు చూసిన మూడు స్టార్లదాని మీద 960 ఉందన్నావు కదా, అంటే గంటకు 0.6 యూనిట్. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 240 గంటలు, మొత్తం 144 యూనిట్లు. ఐదు స్టార్లదాని మీద 720 ఉంది కాబట్టి దానికి 108.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఈ 144ని యూనిట్‌కి ఇంత అని ఒకే రేటుతో గుణించకు. మీ కొండాపూర్ ఫ్లాట్‌కి ఏసీ లేకుండా 170 యూనిట్లు వస్తున్నాయి, మన స్లాబుల్లో మొదటి వందకు 3.40, మిగతా డెబ్బైకి 4.80 చొప్పున 676 రూపాయలు. ఏసీ కలిస్తే 314 అవుతాయి, 200 దాటగానే స్లాబే మారిపోయి మొదటి 200 యూనిట్లకు కూడా 5.10 పడుతుంది, తర్వాతి వందకు 7.70, ఆపైన 14కి 9 రూపాయలు, మొత్తం 1916. అంటే ఏసీ వల్ల పెరిగింది 1240, యూనిట్‌కి ఎనిమిదిన్నర పైనే! అదే ఐదు స్టార్లదైతే 278 యూనిట్లకు 1620 దాకా వస్తుంది. నెలకు దాదాపు 300 తేడా. కానీ అది ఏసీ వేసే నెలల్లోనే, కాబట్టి ఏడాదికి నాలుగు నెలలనుకుంటే 1200. షాపులో రెండింటి ధరకీ తేడా పదివేలుంటే అది తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పైనే పడుతుంది, అద్దె ఇంట్లో ఉన్నదానివి, ఆలోచించుకో. (ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ నేను కలపలేదు.)

లేబుల్ అంకె వేడి ఎక్కువ తక్కువలన్నీ కలిపిన సగటు. మే నెలలో మధ్యాహ్నం పూట, పైన స్లాబ్ కాలుతున్న మీ టాప్ ఫ్లోర్‌లో, 18 పెట్టుకుని పడుకుంటే గంటకు యూనిట్ దాకా లాగినా ఆశ్చర్యం లేదు. రాత్రి 26 పెట్టి ఫ్యాన్ వేసుకుంటే 0.6 కన్నా తక్కువే రావచ్చు. కొన్నాక ఒక పని చెయ్యి, పడుకునే ముందు మీటర్ రీడింగ్ ఫొటో తీసుకో, లేవగానే ఇంకోటి. ఏసీ వెయ్యని రాత్రి కూడా అలాగే తీసి, ఆ తేడా ఇందులోంచి తీసెయ్యి, ఎందుకంటే ఫ్రిజ్, ఫ్యాన్లు రోజూ ఉండేవే. మిగిలింది నీ ఏసీ తిన్నది. కొన్నాళ్లకు అదే వాడకానికి ఆ అంకె పెరుగుతూ పోతే ముందు ఫిల్టర్ తీసి నీళ్లతో కడుగు.

రెండు లేబుళ్ల ఫొటోలు, పోయిన మే బిల్లు నాకు వాట్సాప్ చెయ్యి, ఆదివారం నువ్వొచ్చేలోపు ధరలతో సహా లెక్క వేసి ఉంచుతా.

నాన్న