జ్యూస్ డబ్బాలు రీసైకిల్ అవుతాయి, కష్టమల్లా లోపలి వెండి రంగు పొరతోనే

సంపాదకుడు గారికి నమస్కారం,

ఈమధ్య మన ఆంధ్రా ఒడిశా సరిహద్దు జిల్లాల చెత్త గురించి మీ పేపర్లో వచ్చిన వార్తలో పాలు, జ్యూస్ వచ్చే అట్ట డబ్బాలు రీసైకిల్ అవ్వవు, కాల్చెయ్యడం తప్ప దారి లేదు అని ఎవరో అన్నట్టు రాశారు, అది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. పాత కాగితం నుంచి క్రాఫ్ట్ పేపర్ తీసే మిల్లులో కాగితాన్ని గుజ్జు చేసే పల్పర్ దగ్గర చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యి ఇప్పుడు రాయగడలో మా అమ్మాయి వాళ్ళింట్లో ఉంటున్నాను, అందుకే ఈ విషయం కొంచెం వివరంగా చెప్పగలను.

ముందు ఆ డబ్బాలో ఏముందో చూడండి. బరువులో నాలుగింట మూడు వంతులు మంచి అట్ట, సుమారు 20 శాతం పాలిథిన్, మిగిలిన 5 శాతం లోపు అల్యూమినియం. పొరలు మొత్తం ఆరు, బయట పల్చటి పాలిథిన్, తర్వాత అట్ట, మళ్ళీ పాలిథిన్, అల్యూమినియం రేకు, దాని లోపల ఇంకో రెండు పాలిథిన్ పొరలు. ఆ రేకు ఆరేడు మైక్రాన్ల మందమే ఉంటుంది, వెలుతురు, గాలి లోపలికి పోకుండా ఆపేది అదే, ఫ్రిజ్ లేకుండా పాలు నెలల తరబడి నిలవుండడానికి అదీ ఒక కారణం. ఇక్కడ ఒక సంగతి గమనించాలి, అట్టకీ ప్లాస్టిక్‌కీ మధ్య గమ్ పెట్టరు, కరిగిన పాలిథిన్‌ని వేడిగా అట్ట మీద పరిచి నొక్కుతారు అంతే. కాబట్టి అట్ట బాగా నానితే దాని పట్టు అదే వదిలేస్తుంది.

నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఖాళీ జ్యూస్ డబ్బాని కత్తెరతో చిన్న ముక్కలు చేసి బకెట్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున చేత్తో గట్టిగా పిసకండి, అట్ట అంతా పీచులాగా ఊడి నీళ్ళలో కలిసిపోతుంది, చేతిలో ఒకపక్క మెరుస్తున్న వెండి రంగు రేకు ముక్కలు, రంగు అచ్చు అంటుకున్న పల్చటి ప్లాస్టిక్ తోలు మిగుల్తాయి. డబ్బాని కొయ్యకుండా అలాగే వేస్తే మాత్రం సులభంగా నానదు, ఎందుకంటే రెండు వైపులా ప్లాస్టిక్ ఉంది, నీళ్ళు దూరేది కోసిన అంచుల్లోంచే.

మిల్లులో జరిగేదీ ఇదే, పల్పర్ అంటే పెద్ద మిక్సీ లాంటి తొట్టి, కింద తిరిగే రోటర్ ఉంటుంది, అందులో డబ్బాలూ నీళ్ళూ వేసి సుమారు అరగంట తిప్పుతారు, కెమికల్ ఏమీ అక్కర్లేదు. నీళ్ళు మరీ ఎక్కువ పొయ్యకూడదు, గుజ్జు చిక్కగా ఉంటేనే ముక్కలు ఒకదానికొకటి రాసుకుని పీచు ఊడుతుంది. తర్వాత చిల్లుల జల్లెడలోంచి పీచు కిందకి దిగుతుంది, ప్లాస్టిక్ రేకులు పైన ఆగిపోతాయి. ఆ పీచు పొడుగ్గా బలంగా ఉంటుంది, అట్టపెట్టెలకీ టిష్యూ పేపర్‌కీ పనికొస్తుంది. మరి మామూలు పాత పేపర్ మిల్లులో ఎందుకు అవ్వదంటే, అక్కడ న్యూస్ పేపర్ కొద్ది నిమిషాల్లోనే విడిపోతుంది, దాంతో పాటు పడిన ఈ డబ్బాలు సగం కూడా విడకముందే పల్పర్ దులిపేస్తారు, అట్ట అంటుకునే రిజెక్ట్‌లో, అంటే పనికిరాదని తీసేసే చెత్తలో పోతాయి. రిజెక్ట్ ముక్క తీసి చూస్తే తెలిసిపోతుంది, వెనకాల తెల్లటి నూగు ఉందంటే టైం చాల్లేదన్నమాట. పక్కనే జేకేపూర్‌లో పేపర్ మిల్లు ఉంది కదా అని ఇక్కడ చాలామంది అడుగుతారు, అది కర్ర నుంచి గుజ్జు తీసే మిల్లు, దానికీ దీనికీ సంబంధం లేదు.

కష్టమంతా మిగిలిన ప్లాస్టిక్, అల్యూమినియం దగ్గరే. పాలిథిన్ సుమారు 110 డిగ్రీలకి కరుగుతుంది, అల్యూమినియం 660కి, అలాంటప్పుడు వేడి చేస్తే సులువుగా వేరవ్వాలి కదా అనిపిస్తుంది. కానీ కరిగిన పాలిథిన్ జిగట జిగటగా ఉండి అంత పల్చటి రేకుని తనలోనే పట్టేసుకుంటుంది, అది పైకీ తేలదు, కిందకీ దిగదు. అందుకని మన దేశంలో ఎక్కువగా చేసేదేంటంటే రెండింటినీ విడదియ్యకుండానే ఆరబెట్టి, ముక్కలు చేసి, వేడి ప్రెస్సులో పెట్టి బోర్డులు, ఇంటి పైకప్పు రేకులు చెయ్యడం. తడి గానీ పీచు గానీ మిగిలిపోతే ప్రెస్సులో ఆవిరి పుట్టి బోర్డు మీద బుడగలు లేస్తాయి, కొన్నాళ్ళకి అంచులు ఉబ్బుతాయి. అంటే పల్పర్ దగ్గర తొందరపడితే దాని ఫలితం ఇంటి కప్పు మీద కనిపిస్తుంది.

నిజంగా విడదియ్యాలంటే ఫార్మిక్ యాసిడ్ లాంటి ద్రవంలో నానబెట్టి రేకుకీ ప్లాస్టిక్‌కీ మధ్య పట్టు వదిలించాలి. పట్టు వదిలాక పని తేలికే, నీళ్ళకన్నా తేలికైన పాలిథిన్ తేలుతుంది, అల్యూమినియం మునుగుతుంది. కానీ ఎక్కువసేపు ఉంచితే యాసిడ్ ఆ పల్చటి రేకునే తినేస్తుంది, దాన్ని చూసుకోవడమే పెద్ద పని. బ్రెజిల్‌లోని పిరసికాబాలో 2005లో ఇంకో పద్ధతి పెట్టారు, ప్లాస్మా వేడితో ప్లాస్టిక్‌ని పారఫిన్‌గా మార్చి, అల్యూమినియం దిమ్మలుగా తీశారు. వినడానికి బాగుంది గానీ దానికి పెట్టుబడీ సరుకూ రెండూ భారీగా కావాలి, మన జిల్లాల్లో పెట్టేది కాదు, పెట్టమని నేను అడగటం లేదు కూడా.

మన దగ్గర అయ్యే పని ఒకటుంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం. లీటర్ డబ్బా సుమారు 28 గ్రాములు, టన్ను అవ్వాలంటే 35 వేల డబ్బాలు కావాలి. వాటిని ఉబ్బెత్తుగా అలాగే లోడ్ చేస్తే 35 ఘనమీటర్ల చోటు, ఇరవై అడుగుల కంటైనర్ కూడా చాలదు, లారీ కిరాయంతా గాలి మొయ్యడానికే సరిపోతుంది, అందుకే మా వైపు కబాడీ షాపువాళ్ళు ముట్టుకోరు, వాళ్ళని తప్పు పట్టలేం. అదే డబ్బాలు నొక్కి బేలు, అంటే బిగుతు కట్టలు కడితే రెండు మూడు ఘనమీటర్లలో పడుతుంది. ఈ డబ్బాలు తీసుకునే యూనిట్లు ఉన్నది ఉత్తరాఖండ్‌లో, మహారాష్ట్ర పాల్ఘర్ వైపు, ఇక్కడినుంచి వెయ్యి కిలోమీటర్ల పైనే, కాబట్టి బేలు కట్టకుండా లెక్క ఎప్పటికీ కుదరదు. ఒక్క ఊరి వల్ల లారీ నిండదు, రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి కలిసి ఒకచోట పోగేస్తే నిండుతుంది. 2016 ప్లాస్టిక్ చెత్త నియమాల ప్రకారం ఇలాంటి పొరల ప్యాకింగ్ వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసేవాళ్ళ మీద ఉంది, ఆ కిరాయి వాళ్ళనుంచి అడగాల్సింది మున్సిపాలిటీలే.

చెత్త వేరుచేసే సెంటర్లలో పనిచేసే మహిళా సంఘాల వాళ్ళకి దీనికోసం ఒక బస్తా విడిగా ఇప్పించండి. ఇంటి దగ్గర చెయ్యాల్సింది డబ్బా నాలుగు మూలల చెవులు పైకి లాగి, లోపల కాస్త నీళ్ళు పోసి కడిగి, పలకలాగా నొక్కి ఆరబెట్టడం. కడగకపోతే పాలు పులిసి బూజు పడుతుంది, బూజు పట్టిన పీచు బలం పోతుంది, అలాంటి బేలు మిల్లువాడు గేటు దగ్గరే తిప్పి పంపేస్తాడు. ప్యాకెట్ పాల కవర్లు మాత్రం ఇందులో కలపొద్దు, అది ఒట్టి ప్లాస్టిక్, దాని దారి వేరు. చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతరకి మామిడి జ్యూస్ డబ్బాలు ఎన్ని పడతాయో రాయగడలో అందరికీ తెలుసు, ఈ బస్తా ఏర్పాటేదో జాతరకి ముందే చేసేలా మీ పేపర్ ద్వారా అధికారులకి చెప్పండి, కాల్చడమే దారి అన్న ఆ మాటని కూడా దయచేసి సరిదిద్దండి.

ఇట్లు,
రాయగడ నుంచి మీ పాఠకుడు