ఈ శని, ఆదివారాల్లో మా పచ్చళ్ల స్టాల్: ధర, సరుకు, చిల్లర లెక్కలు

"ఇంట్లో చేసి నేరుగా అమ్ముతున్నారు కదా, స్టాల్‌లో ఇంకాస్త తగ్గించవచ్చు కదా?"

తగ్గించలేం. పావుకిలో సీసా ఇంటి దగ్గర ఎంతో అక్కడా అంతే, 150 రూపాయలు. కారణం దాచకుండా చెబుతాను. స్టాల్ పెట్టే కూకట్‌పల్లిలోని అపార్ట్‌మెంట్ల సముదాయంలో రెండు రోజులకు బల్ల అద్దె 4,000. రానుపోను ఆటోకు 800, సాయానికి వచ్చే అమ్మాయికి 1,200. మొత్తం 6,000. సరుకు, సీసా, లేబుల్ ఖర్చులు పోగా సీసాకు మిగిలేది 60 రూపాయలు. అంటే నూరు సీసాలు అమ్ముడుపోయాకే మా చేతికి మొదటి రూపాయి వస్తుంది.

అందుకే 160 సీసాలు తెస్తున్నాం: ఆవకాయ 60, గోంగూర 40, పండుమిర్చి 30, కందిపొడి 30. ఆవకాయ మిగిలినా దిగులు లేదు, నూనె తేలి ఉన్నంతకాలం నిలవ ఉంటుంది. పొడి అలా కాదు, రోజులు గడిచేకొద్దీ వాసన తగ్గుతుంది. అందుకే అది శుక్రవారం రాత్రే కొట్టి, తక్కువగా తెస్తాం. ప్రతి రకంలో సగం ఆదివారానికి విడిగా పెడతాం. శనివారం "అయిపోయింది" అంటే ఆ రోజు వాటా అయిపోయిందని అర్థం.

బల్లను ఎండ పడని వైపే అడిగి తీసుకున్నాం. ఎండకు నూనె వేడెక్కి మూత అంచు నుంచి కారుతుంది, లేబుల్ జిడ్డవుతుంది. సీసాల నిండా కాకుండా మెడ కింద వేలెడు ఖాళీ కనిపిస్తే అనుమానపడకండి, అది ఇందుకే. తూకం పావుకిలో సరిగ్గా ఉంటుంది. రుచి చూడటానికి దొప్పలో వేడి అన్నం ముద్ద పెట్టి, పైన కాస్త పచ్చడి మేమే వేసిస్తాం. చెంచా మాత్రం మీరు ముట్టుకోవద్దని మనవి. తడి తగిలితే ఆ సీసాకు బూజు పట్టేస్తుంది.

డబ్బు సంగతి: 50, 100 నోట్లు కలిపి 3,000 చిల్లరతో వస్తున్నాం. రాత్రి గల్లాలో ఉన్న దాంట్లోంచి ఆ 3,000 తీసేసి, ఫోనులో జమ అయినది కలిపితే, తగ్గిన సీసాల లెక్కకు సరిపోవాలి. అక్కడ సిగ్నల్ బలహీనం. ఫోనుతో చెల్లించినవారు మాకు సందేశం వచ్చేదాకా ఒక్క నిమిషం ఆగాలి. మీ తెర మీద చూసి పంపేస్తే రాత్రి లెక్క తేలదు.

కొత్తగా వచ్చినవారు ఇష్టమైతేనే పుస్తకంలో పేరు, నంబరు, కొన్న రకం రాయండి. పది రోజులయ్యాక ఒక్కసారి ఫోను చేసి ఉప్పు, కారం ఎలా ఉన్నాయో అడుగుతాం, అంతే. మా నంబరు మీ ఫోనులో సేవ్ చేసుకోండి. లేకపోతే వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి పంపే కబురు మీకు చేరదు.

పాత ఖాతాదారులు గురువారం సాయంత్రంలోపు చెబితే మీ సీసాలు పేరు రాసి బల్ల కింద ఉంచుతాం. అవి ఈ 160లో కలపం.